మొదటిసారి విదేశీ ఉద్యోగానికి వెళ్తున్నారా? ఫైలులో ఏముండాలి, పెట్టెలో ఏముండకూడదు

పెట్టె సర్దడం ఆఖరి రెండు రోజుల పని. కాగితాల పని మాత్రం కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టండి. ఒక జత బట్టలు మర్చిపోతే అక్కడ కొనుక్కోవచ్చు. వీసాలో ఒక అంకె తప్పు పడితే దాన్ని కంపెనీయే అక్కడి ప్రభుత్వ కార్యాలయంలో సరిచేయించాలి, దానికి రోజులు పడుతుంది. అందుకే ముందు కాగితాలు, ఆ తర్వాత మందులు, చివర్లో సామాను. ఆ వరుసలోనే చెప్పుకుందాం.

పాస్‌పోర్టు, వీసా, టికెట్: మూడూ పక్కపక్కన పెట్టి చదవండి

పాస్‌పోర్టు గడువు ముందు చూడండి. చాలా దేశాలు మీరు అడుగుపెట్టే రోజు నుంచి ఇంకా ఆరు నెలలైనా గడువు మిగిలి ఉండాలంటాయి. రెండేళ్ల ఒప్పందం మీద వెళ్తూ ఎనిమిది నెలల గడువున్న పాస్‌పోర్టుతో బయల్దేరితే దిగడానికి ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ, అక్కడ నివాస అనుమతి ముద్రించే సమయానికి చిక్కు వస్తుంది. వీలుంటే ఇక్కడే కొత్తది చేయించుకోండి. అయితే ఒక జాగ్రత్త: వీసా రాకముందే చేయించుకోవాలి. వీసా వచ్చాక పాస్‌పోర్టు మారిస్తే వీసా పాత నంబరు మీదే ఉండిపోతుంది. అప్పుడు కంపెనీ ద్వారా నంబరు మార్పించాలి, లేదా ఆ దేశం ఒప్పుకుంటే పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్లాలి.

ఇప్పుడు పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసలు చూడండి. యంత్రం చదివేది ఆ రెండు వరుసలే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన ప్రమాణాల్లో ఇచ్చిన ఊహాజనిత నమూనా ఇది:

```
P<UTOERIKSSON<<ANNA<MARIA<<<<<<<<<<<<<<<<<<<
L898902C36UTO7408122F1204159ZE184226B<<<<<10
```

పై వరుసలో మొదటి రెండు గడులు, ఆ తర్వాత దేశం కోడ్ మూడక్షరాలు పోగా, `<<` గుర్తు వచ్చేవరకు ఉన్నది ఇంటిపేరు. ఆ గుర్తు తర్వాతిది మీ పేరు. కింది వరుసలో మొదటి తొమ్మిది గడులు పాస్‌పోర్టు నంబరు. పదో గడిలో ఉన్న అంకె నంబరులో భాగం కాదు, అది సరిచూసుకోవడానికి వేసే అంకె. దాన్ని కూడా నంబరులో కలిపి రాసేయడం మామూలుగా జరిగే తప్పు. తర్వాత దేశం, ఆపైన పుట్టిన తేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఉంటుంది. `740812` అంటే 1974 ఆగస్టు 12. అదే వరుసలో ముందుకెళ్తే `120415` అన్నది గడువు తేదీ, అంటే 2012 ఏప్రిల్ 15.

మీ పాస్‌పోర్టులో ఈ రెండు వరుసలను చూస్తూ వీసా కాగితాన్నీ టికెట్‌నూ ఒక్కో అక్షరం చొప్పున పోల్చండి. టికెట్‌లో ఇంటిపేరు గడిలో ఉన్నది `<<` కి ముందున్నదేనా? పాస్‌పోర్టు నంబరులో సున్నా ఉండాల్సిన చోట ఆంగ్ల అక్షరం O పడిందా? పుట్టిన తేదీలో రోజూ నెలా తారుమారయ్యాయా? పేరు ముందూ వెనుకా మారితే చాలా విమాన సంస్థలు ముందే చెబితే సరిచేస్తాయి. స్పెల్లింగే వేరుగా ఉంటే మాత్రం కౌంటరు దగ్గర బోర్డింగ్ పాస్ ఇవ్వకపోవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లు టికెట్ కొనేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. ఇలా ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ప్రయాణికుల విషయంలో ఒక్కో దేశానికి ఒక్కో నియమం ఉంది.

వీసాలో ఇంకో మూడు గడులు చూడాలి: వీసా రకం, వృత్తి, మిమ్మల్ని పిలిపిస్తున్న కంపెనీ పేరు. రకం దగ్గర సందర్శన అనో పర్యాటకం అనో ఉంటే అది పని వీసా కాదు. "ముందు దీని మీద వెళ్లు, అక్కడికెళ్లాక మారుస్తారు" అని ఏజెంటు అంటే, ఆ మార్పు జరిగేదాకా మీరు అక్కడ చేసే ప్రతి గంట పనీ చట్టవిరుద్ధమే అవుతుందని గుర్తుంచుకోండి. జీతం ఎగ్గొట్టినా, పనిలో దెబ్బ తగిలినా ఫిర్యాదు చేయడానికి చేతిలో ఆధారం ఉండదు. వృత్తి గడి కూడా తేలిగ్గా తీసుకోకండి. ఒప్పందంలో ఎలక్ట్రీషియన్ అనీ వీసాలో కూలీ అనీ ఉంటే అక్కడ రిజిస్టరయ్యేది వీసాలో ఉన్న వృత్తే.

ఒప్పంద పత్రం చదవకుండా విమానం ఎక్కకండి

సంతకాలైన అసలు ఒప్పందం, లేదా కంపెనీ ముద్ర ఉన్న ప్రతి, మీ దగ్గర ఉండాలి. అందులో కంపెనీ పేరు వీసాలో ఉన్న పేరుతో కలవాలి. తర్వాత జీతం దగ్గరికి రండి. మొత్తం అంకె ఒక్కటే చూసి సంబరపడితే కుదరదు. మూల వేతనం ఎంత, భత్యాలు ఎంత అన్నది విడిగా రాసి ఉండాలి. ఎందుకంటే కొన్ని గల్ఫ్ దేశాల్లో పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే సేవాంత సొమ్మును మూల వేతనం మీదే లెక్కకడతారు. అలాంటి చోట మొత్తం జీతం ఒకటే అయినా మూల వేతనం తక్కువగా వేసిన ఒప్పందంలో చివరికి చేతికొచ్చేదీ తక్కువే.

అలాగే రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, వసతి ఎవరిది, భోజనం ఎవరిది, వైద్య బీమా ఉందా, తిరుగు టికెట్ ఎవరు పెట్టుకుంటారు అన్నవి రాసి ఉండాలి. నోటిమాటగా చెప్పినవి లెక్కలోకి రావు. ఒప్పందం రెండు భాషల్లో ఉంటే రెండో భాష తెలిసినవాళ్ల చేత అంకెలైనా పోల్చి చూపించుకోండి. గల్ఫ్‌లో తగాదా వస్తే అక్కడి కార్యాలయాలు చదివేది అరబిక్ పాఠాన్నే.

ఏజెంటుకు కట్టిన ప్రతి సొమ్ముకూ రసీదు తీసుకుని అదే ఫైలులో పెట్టండి. నియామక రుసుము కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక చెబుతుంది. ఆచరణ ఎలా ఉన్నా, రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే రసీదు లేని సొమ్ముకు సాక్ష్యం లేదు.

సొంత దేశం ఇచ్చే అనుమతి

చాలామందికి తెలియనిది ఇది. చేరే దేశం వీసా ఇచ్చినంత మాత్రాన బయల్దేరే దేశం మిమ్మల్ని వెళ్లనివ్వాలని లేదు. కార్మికులను ఎక్కువగా పంపే దేశాలు తమ వాళ్ల కోసం విడిగా ఒక అనుమతి పెట్టాయి. నేపాల్‌లో అది శ్రమ అనుమతి, శ్రీలంకలో విదేశీ ఉపాధి బ్యూరోలో నమోదు, బంగ్లాదేశ్‌లో మానవ వనరుల బ్యూరో క్లియరెన్స్, ఫిలిప్పీన్స్‌లో విదేశీ ఉపాధి ధ్రువపత్రం. భారత పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరమైన `ECR` వర్గంలో ఉన్నవాళ్లు పని కోసం నిర్దేశిత 18 దేశాలకు వెళ్లాలంటే ఈమైగ్రేట్ వ్యవస్థ ద్వారా వలస అనుమతి తెచ్చుకోవాలి. గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, జోర్డాన్, లెబనాన్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ అనుమతి లేకపోతే బయల్దేరే విమానాశ్రయంలోనే ఇమ్మిగ్రేషన్ వాళ్లు వెనక్కి పంపేస్తారు. దాన్ని తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు సందర్శన వీసా చేతిలో పెట్టి "చుట్టాల్ని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పు" అని నేర్పుతారు. అలా దాటినా, కార్మికుడిగా మీ పేరు సొంత ప్రభుత్వ రికార్డులో ఉండదు. ఆ అనుమతితో వచ్చే బీమా కూడా వర్తించదు. అనుమతి పత్రం రాగానే దాని మీద ఉన్న కంపెనీ పేరూ వీసా నంబరూ మళ్లీ ఒకసారి పోల్చండి.

ఫైలు ఎలా కట్టాలి

జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి తీసుకోండి. అడిగే వరుసలోనే పెట్టండి, అప్పుడు కౌంటరు దగ్గర వెతుక్కోనక్కర్లేదు:

- పాస్‌పోర్టు, వీసా ప్రింటు, టికెట్ ప్రింటు
- సొంత దేశం ఇచ్చిన వలస అనుమతి
- ఒప్పందం, నియామక పత్రం
- వైద్య పరీక్ష నివేదిక, టీకా కార్డులు
- చదువు, వృత్తి ధ్రువపత్రాలు, అనుభవ పత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు
- బీమా పత్రం, ఏజెంటు రసీదులు
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు 10 నుంచి 12, తెల్లటి వెనుకభాగంతో
- ఒక కాగితం మీద చేత్తో రాసిన చిరునామాలు

ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పనికొస్తుంది. కంపెనీ చిరునామా, మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చే మనిషి ఫోను, వసతి ఉన్న చోటు, ఇంటి ఫోను, ఆ దేశంలో మీ రాయబార కార్యాలయం నంబరు అందులో ఉండాలి. దిగగానే ఫోను పనిచేయదు, ఛార్జింగు అయిపోయి ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ అధికారి ఎక్కడ ఉంటారని అడిగితే చెప్పడానికీ, వేరొకరి ఫోను అడిగి మాట్లాడటానికీ ఆ కాగితమే దిక్కు.

ధ్రువపత్రాల ధ్రువీకరణ ముందే చేయించాలి. 1961 హేగ్ ఒడంబడికలో ఉన్న దేశాల మధ్య అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. చేరే దేశం అందులో లేకపోతే విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. కంపెనీ అడగని ధ్రువపత్రాల అసళ్లు ఇంట్లోనే వదిలేయడం మేలు, నకళ్లు చాలు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకు వెళ్లేవాళ్లకు పసుపురంగు టీకా కార్డు తప్పనిసరి కావచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది కాబట్టి చివరివారం దాకా ఆగకండి. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది.

నకళ్లు మూడు సెట్లు తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి చెక్-ఇన్ పెట్టెలో, ఒకటి చేతి సంచిలో అసలు ఫైలుకు దూరంగా ఉన్న అరలో. ఫోనులో కూడా ఫొటోలు పెట్టుకోండి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా గ్యాలరీలోనే ఉండాలి. అసళ్లు ఏవీ చెక్-ఇన్ పెట్టెలో వేయకండి. ఆ పెట్టె మీతో పాటు దిగకపోవచ్చు.

మందులు: రంగు మాత్రలు జైలుదాకా తీసుకెళ్తాయి

ఇక్కడ కొంచెం తీరిగ్గా చదవండి. మీ ఊళ్లో చీటీ లేకుండానే దొరికే మాత్ర ఇంకో దేశంలో మాదకద్రవ్యాల జాబితాలో ఉండొచ్చు. కంపెనీ పెట్టిన పేరుతో పని లేదు, లోపల ఉన్న రసాయనం పేరుతోనే పని. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉంటుంది. ఈ పేర్లు కనిపిస్తే ఆగి ఆలోచించండి: నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కొడీన్, నిద్రకూ ఆందోళనకూ వాడే డయజెపామ్, అల్ప్రజోలం, నరాల నొప్పికి వాడే ప్రెగబాలిన్, గాబాపెంటిన్. ఎమిరేట్స్‌లో ఇవన్నీ నియంత్రణలో ఉన్నవే, మిగతా గల్ఫ్ దేశాలకు వెళ్తున్నా అంతే జాగ్రత్త అవసరం. జపాన్‌లోనైతే జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పది శాతం మించితే తీసుకెళ్లడానికే వీల్లేదు.

తెలియకుండా దొరికిపోయేది ఎక్కువగా మిశ్రమ మాత్రల వల్లే. నడుంనొప్పికి వాడే మాత్రలో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు, ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు కలిపి ఉంటాయి. వాడే మనిషి దాన్ని మామూలు నొప్పి మాత్రే అనుకుంటాడు. స్కానరు దగ్గర అధికారి చూసేది రెండో పేరు.

నియంత్రిత మందు నిజంగానే అవసరమైతే చేరే దేశపు ఆరోగ్య శాఖ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. ఎమిరేట్స్, సింగపూర్ రెండింటిలోనూ దీనికి ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది. అంతకంటే సులువైన దారి ఒకటుంది: డాక్టరుకు ఏ దేశం వెళ్తున్నారో చెప్పి, నియంత్రణలో లేని ప్రత్యామ్నాయానికి మార్పించుకోండి. బయల్దేరే ముందు రెండు మూడు వారాలైనా ఆ కొత్త మందు వాడి చూడాలి. ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్రను మాత్రం సొంతంగా ఒక్కసారే మానేయకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

బీపీ, షుగరు వంటి మామూలు మందులకు కూడా ఒక పద్ధతి ఉంది. స్ట్రిప్పుల్లోనే ఉంచండి, విప్పి డబ్బాలో కలిపి పోయకండి. మూడు నెలలకు మించి తీసుకెళ్లకండి. మందు చీటీ మీద రసాయనం పేరు, రోజుకు ఎన్ని, మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టుగా ఆంగ్లంలో రాయించి, డాక్టరు సంతకం, ముద్ర వేయించండి. చీటీ మీద రోజుకొకటి అని ఉండి మీ దగ్గర 300 మాత్రలుంటే అవి అమ్మకానికి తెచ్చారన్న అనుమానం వస్తుంది. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, సామాను గదిలో చలికి గడ్డకడితే అది ఇక పనిచేయదు. లేబుల్ లేని పొడులు, కషాయాలు, నాటు మందులు అసలే వద్దు. అది ఏమిటో మీరు నోటితో చెప్పినా ల్యాబు పరీక్ష అయ్యేదాకా మిమ్మల్ని నమ్మరు.

బరువు: టికెట్ మీద ఉన్నదే మాట

టికెట్ మీద సామాను గడిలో `30K` అని ఉంటే మొత్తం 30 కిలోలు అని అర్థం. `2PC` అంటే రెండు పెట్టెలు, ఒక్కోటి ఎంత ఉండొచ్చో విమాన సంస్థ విడిగా చెబుతుంది, చాలాచోట్ల 23 కిలోలు. ఈ రెండు పద్ధతులూ వేరు. రెండోదాంట్లో ఒక పెట్టె 20, ఇంకోటి 26 ఉన్నా సర్దుబాటు చేయరు, 26 ఉన్న పెట్టెకు డబ్బు కట్టాల్సిందే. ఏ పద్ధతైనా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు, ఎత్తే కార్మికుల నడుము కోసం పెట్టిన పరిమితి అది. రెండు వేర్వేరు టికెట్ల మీద మారుతూ వెళ్తుంటే రెండింటిలో తక్కువ ఉన్నదే మీ లెక్క.

ఉదాహరణకు 30 కిలోల చెక్-ఇన్, 7 కిలోల చేతి సంచి ఉన్న ఎలక్ట్రీషియన్ లెక్క ఇలా వేసుకోవచ్చు. ఖాళీ పెట్టె మూడున్నర కిలోలు. బట్టలు ఎనిమిది, దుప్పటి, తువ్వాళ్లు రెండున్నర, చెప్పులు, మామూలు బూట్లు ఒకటిన్నర. పనిముట్లు ఐదు. సబ్బులు, నూనెలు, షేవింగు సామాను రెండు. ఒక చిన్న వంటపాత్ర, పళ్లెం, గ్లాసు రెండు. ప్యాకెట్లలో ఉన్న పొడి తిండి మూడు. మొత్తం 27.5 కిలోలు. మిగిలిన రెండున్నర కిలోలు నింపేయాలని చూడకండి. ఇంట్లో తూకానికీ కౌంటరు తూకానికీ తేడా ఉంటుంది, ఆఖర్లో ఎవరో ఒకరు ఇంకేదో పెడతారు. పనికి వేసుకునే బరువైన బూట్లు కాళ్లకే వేసుకోండి, కిలోన్నర దాకా తగ్గుతుంది.

చేతి సంచిలో: ఖాళీ సంచి 800 గ్రాములు, ఫైలు 800, మందులు 500, ఫోను ఛార్జరు పవర్ బ్యాంకు కలిపి 800, డ్రిల్లు బ్యాటరీలు రెండు 1.3 కిలోలు, ఒక జత బట్టలు, తువ్వాలు 1.2, స్వెటరు 600. అంటే ఆరు కిలోలు. ఆ ఒక జత బట్టలు ఎందుకంటే, పెట్టె రావడం ఆలస్యమైతే మర్నాడు పొద్దున వేసుకోవడానికి ఉండాలి కదా.

ఇంట్లో తూచడానికి మనుషులు ఎక్కే తూకం చాలు. పెట్టె ఎత్తుకుని నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తేడాయే పెట్టె బరువు.

ఏది పైన, ఏది కింద

విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ పెట్టెలో ఉంటే స్కానింగులో కనిపిస్తుంది, పెట్టె ఆపేస్తారు, మిమ్మల్ని పిలిచి తెరిపిస్తారు లేదా పెట్టె ఎక్కకుండానే విమానం వెళ్లిపోతుంది. బ్యాటరీ షార్టయి మంట లేస్తే క్యాబిన్‌లో సిబ్బంది ఆర్పగలరు, కింద సామాను గదిలో చేరుకోలేరు, అదీ కారణం.

పరిమితి 100 వాట్ అవర్లు. లేబుల్ మీద `Wh` అని రాసి ఉంటుంది. లేకపోతే మిల్లీ ఆంపియర్ అవర్లను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఉన్న పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 30,000 ఉన్నది 111 వాట్ అవర్లు, విమాన సంస్థ ముందస్తు అనుమతి ఉంటేనే ఎక్కనిస్తారు. 160 దాటితే అనుమతే లేదు. డ్రిల్లు బ్యాటరీకి వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే చాలు: 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అయితే 90. లేబుల్ చెరిగిపోయిన పవర్ బ్యాంకు తీసుకెళ్లకండి, అంకె కనిపించకపోతే తీసిపెట్టేస్తారు. 2025 నుంచి పలు విమాన సంస్థలు ప్రయాణంలో పవర్ బ్యాంకు వాడటాన్నే ఆపేశాయి, కొన్ని ఒక్కటే తెచ్చుకోమంటున్నాయి. విడి బ్యాటరీల కొసలకు టేపు అంటించి ఒక్కోటి విడి కవర్లో పెట్టండి.

పనిముట్లన్నీ కిందికే. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్లు, కత్తులు, బ్యాటరీ తీసేసిన డ్రిల్లు, కత్తెర, షేవింగు బ్లేళ్లు చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, మొనలకు అట్ట చుట్టి. పైకి తీసుకెళ్లే ద్రవాలు, పేస్టులు, క్రీములు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకుండా, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక కవరులో. 200 మిల్లీలీటర్ల సీసాలో కొంచెమే ఉందన్నా ఒప్పుకోరు, వాళ్లు చూసేది సీసా మీది అంకె. గ్యాసు డబ్బాలు, స్టవ్వు సిలిండర్లు, పెయింటు, థిన్నరు, బాణసంచా, ఆసిడ్, బ్లీచింగు రకాలు రెండింటిలోనూ నిషేధం. లైటరు, అగ్గిపెట్టెల మీద ఒక్కో విమానాశ్రయానికి ఒక్కో రూలు, తీసుకెళ్లకపోతే గొడవే లేదు.

విమానం ఎక్కనిచ్చినా అక్కడ దిగనివ్వనివి

బయల్దేరే చోట భద్రతా తనిఖీ విమానం కోసం. చేరేచోట కస్టమ్స్ తనిఖీ ఆ దేశం చట్టం కోసం. మొదటిది దాటేశాం కదా అని రెండోదానికి ధీమా పనికిరాదు.

గసగసాలు ఎమిరేట్స్, సింగపూర్‌లలో నిషేధం, వాటిలో మార్ఫిన్ ఆనవాళ్లు ఉండొచ్చు కాబట్టి. మసాలా పొడిలో కలిసినా అంతే. ఈ-సిగరెట్లు, నమిలే పొగాకు సింగపూర్‌లో నిషేధం. అక్కడ సిగరెట్లకు సుంకం మినహాయింపే లేదు, తెచ్చినవి చెప్పి సుంకం కట్టాలి. సౌదీ, కువైట్‌లకు మద్యం, పంది మాంసం తీసుకెళ్లకూడదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో బయటినుంచి మాంసం, పాల పదార్థాలు రానివ్వరు. ఆస్ట్రేలియాలో తిండి ఏదున్నా ఫారంలో ఉందని రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, రాయకుండా దొరికితే జరిమానా. విత్తనాలు, పచ్చి కాయగూరలు, మట్టి అంటిన బూట్లు ఎక్కడైనా అనుమానమే.

తిండి తీసుకెళ్లాలనుకుంటే కంపెనీ ప్యాకెట్లలో, పదార్థాల పేర్లు ముద్రించి ఉన్నవే తీసుకెళ్లండి. ఫోను, ల్యాప్‌టాప్ కూడా ఒకసారి చూసుకోండి: అశ్లీల వీడియోలు, మతాన్నో పాలకులనో కించపరిచే పోస్టులు గల్ఫ్‌లో కేసవుతాయి.

ఇతరుల పొట్లం మాత్రం ఎవరిచ్చినా వద్దు. "మా తమ్ముడికి కాస్త మందులు, అరకిలో పొడి, అంతే" అని విమానాశ్రయం గేటు దగ్గర అడిగేవాళ్లు ఉంటారు. పెట్టె మీది ట్యాగు మీ పేరున ఉంటుంది, లోపల దొరికినదీ మీదే అవుతుంది. కాదనడానికి మొహమాటం అనిపిస్తే "బరువు సరిపోయింది, కౌంటరులో తూచేశారు" అని చెప్పి ముందుకు నడవండి.

కౌంటరు నుంచి బయట గేటు దాకా

మూడు గంటల ముందు చేరండి. చెక్-ఇన్ పెట్టెకు వేసిన ట్యాగు మీద మూడక్షరాల విమానాశ్రయం కోడ్ చదవండి, అది మీ చివరి గమ్యానిదేనా? మధ్యలో మారే ఊరి కోడ్ ఉంటే అక్కడ పెట్టె తీసుకుని మళ్లీ ఇవ్వాలి, దానికి ఆ దేశం వీసా కూడా అవసరం కావచ్చు. అప్పుడే అడిగి తేల్చుకోండి. ట్యాగు రసీదు పాస్‌పోర్టులో కాకుండా ఫైలుకు అంటించుకోండి. పెట్టెను తాళం వేయకముందే ఫొటో తీసి ఉంచుకుంటే పోయినప్పుడు వివరించడం తేలిక.

దిగాక పెట్టె రాకపోతే బెల్టు దగ్గర నుంచి బయటికి రాకముందే సామాను కౌంటరులో నివేదిక రాయించి దాని నంబరు తీసుకోండి. బయటికి వచ్చేశాక అది కష్టం. మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం దెబ్బతిన్న సామాను గురించి అందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వచ్చినదాని గురించి అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. లోపల ఏమేం ఉన్నాయో రాసిన చీటీ, కొన్నవాటి రసీదులు ఉంటే నష్టపరిహారం అడగడం సులువు.

ఇమ్మిగ్రేషన్‌లో ప్రవేశ ముద్ర పడగానే, లేదా ప్రవేశ చీటీ ఇవ్వగానే ఫొటో తీసి ఇంటికి పంపండి. బయట మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి నివాస అనుమతి పనికోసం పాస్‌పోర్టు అడుగుతాడు. ఇవ్వాల్సి రావచ్చు, అయితే ఎవరు తీసుకున్నారు, ఏ తేదీన, ఎప్పుడు తిరిగిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి, కుదరకపోతే ఆ మాటలు ఆ మనిషికే వాట్సాప్‌లో మెసేజ్‌గా పంపండి. పని అయ్యాక కూడా కార్మికుల పాస్‌పోర్టులు తమ దగ్గరే పెట్టుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీ లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. తిరిగివ్వకపోతే ఆ మెసేజ్, మీ దగ్గరున్న నకలు రెండూ పట్టుకుని రాయబార కార్యాలయానికి వెళ్లండి.